డిజైనర్ మూడు లోగోలు చూపించారు, ఇప్పుడు ఏం రాసి పంపాలి?

ప్రశ్న: చిత్తూరులో మాది మామిడి తాండ్ర, ఊరగాయల వ్యాపారం. తిరుపతి బస్టాండు దగ్గర రెండో అంగడి తెరుస్తున్నాం. లోగో, లేబుల్, బోర్డు కొత్తగా చేయించుకుందామని ఒక డిజైనర్‌కు అప్పజెప్తే ఆమె మూడు రకాలు చేసి పంపారు. ఒకటి ఉత్త తెలుగు అక్షరాలు, ఒకటి కలంకారీ మామిడికాయ, ఒకటి ఇంగ్లీషు పొడి అక్షరాలతో గుండ్రటి ముద్ర. నాకు మొదటిది, నాయనకు రెండోది, తమ్ముడికి మూడోది నచ్చాయి. శనివారం లోపల అభిప్రాయం రాసి పంపమన్నారు. "బాగుంది", "ఏదో తక్కువైంది" అనడం తప్ప మాకు వేరే మాట రావడం లేదు. డిజైన్ తెలియని వాళ్ళం ఏం రాస్తే ఆమెకు పనికొస్తుంది?

జవాబు:

మీ ఇంట్లో ముగ్గురికి మూడు నచ్చడం తప్పేమీ కాదు. ఆ మూడూ ఒకే ప్రశ్నకు మూడు వేరు వేరు జవాబులు. ఆ ప్రశ్న ఏమిటంటే, మీ అంగడి కొత్తవాళ్ళకు దేనితో గుర్తుండాలి? పేరుతో గుర్తుండాలి అంటోంది మొదటిది. అమ్మే సరుకుతో గుర్తుండాలి అంటోంది రెండోది. ఒక ముద్రతో గుర్తుండాలి అంటోంది మూడోది. ఈ మూడింటిలో మీ అమ్మకానికి ఏది సరిపోతుందో తేల్చడానికి డిజైన్ చదువు అక్కర్లేదు. మీ గిరాకీ ఎవరు, ఎక్కడి నుంచి వస్తారు, ఏమని అడుగుతారు అన్నది తెలిస్తే చాలు. అది డిజైనర్‌కు తెలియదు, మీకు తెలుసు.

అందుకని మీరు రాసే దానిలో ఎక్కువ భాగం ఈ "ఆలోచన" గురించే ఉండాలి. రంగు, అక్షరాల మందం, ఆకు ఎటు వంగింది అనేవి రూపానికి సంబంధించినవి, వాటిని ఒకటి రెండు రోజుల్లో మార్చొచ్చు. ఆలోచన మారితే మాత్రం పని మొదటికొస్తుంది. మొదటి విడతలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఆకుపచ్చ కొంచెం ముదురు కావాలి, అక్షరం కొంచెం లావు కావాలి అని పేజీ నిండా రాస్తారు, అసలు ముద్రతో పోవాలా పేరుతో పోవాలా అన్నది రాయరు. ఆమె రంగు మార్చి పంపుతారు. మళ్ళీ ఇంకో రంగు. చివరికి తమకు ముద్రే వద్దని తెలుసుకునే సరికి ఒప్పందంలో రాసుకున్న రెండు మూడు విడతల మార్పులూ అయిపోయి ఉంటాయి.

పని మొదలుపెట్టే ముందు ఆమె మిమ్మల్ని ప్రశ్నలు అడిగి, మీ జవాబులు రాసుకుని ఉంటారు. ఆ కాగితాన్నో మెసేజ్‌నో బయటికి తీయండి. లేకపోతే ఇప్పుడే నాలుగు వాక్యాలు రాసుకోండి: ఎక్కువగా కొనేది ఎవరు, వాళ్ళకు మొదట కంటపడేది బోర్డా ప్యాకెట్టా ఫోనులో బొమ్మా, ఒక్క విషయం మాత్రమే గుర్తుండాలంటే అది ఏది, ఈ గుర్తు ఏ ఏ వస్తువుల మీద పడుతుంది. చూసే ప్రతి లోగోనూ ఈ నాలుగు వాక్యాల పక్కన పెట్టి చూడాలి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి కాదు. పక్కపక్కన పెడితే ఎక్కువ రంగులు, ఎక్కువ పనితనం ఉన్నదే ఎప్పుడూ గెలుస్తుంది. బజారులో మీ బోర్డు పక్కన మీ మిగతా రెండు లోగోలు ఉండవు, పక్క అంగడి వాళ్ళ బోర్డు ఉంటుంది.

చూసే పద్ధతి

ముగ్గురూ ఒకే ఫోను చుట్టూ కూర్చుని చూడొద్దు. నాయన "ఇది బాగుంది" అన్నాక ఇంట్లో ఇంకెవరికీ వేరే మాట రాదు, అది మర్యాద. ఎవరికి వాళ్ళు విడిగా చూసి, మాట్లాడుకోక ముందే కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్క లోగోనూ అయిదు సెకన్లు చూసి ఫోను బోర్లా పెట్టాలి. కంట్లో ఏం మిగిలిందో అది రాయాలి. "మామిడికాయ కనిపించింది, పేరు చదవలేదు" అని నాయన రాస్తే అది అభిప్రాయం కాదు, జరిగిన విషయం. డిజైనర్‌కు అన్నిటికన్నా విలువైన వాక్యాలు ఇలాంటివే.

తర్వాత కాగితం మీదికి రండి. ఆమె పంపిన పీడీఎఫ్‌లో లోగో తెల్లటి పేజీ మధ్యలో, చుట్టూ బోలెడంత ఖాళీతో, ఫోను వెలుగులో మెరుస్తూ ఉంటుంది. నిజం అంగడిలో దానికి ఆ వసతి దొరకదు. జిరాక్స్ అంగడికి వెళ్ళి ప్రతి లోగోనూ మూడు కొలతల్లో ప్రింటు తీయించండి: వెడల్పు 20 సెంటీమీటర్లు ఒకటి, 6 సెంటీమీటర్లు ఒకటి, 3 సెంటీమీటర్లు ఒకటి. పెద్దది బోర్డు కోసం, మధ్యది సీసా లేబుల్ కోసం, చిన్నది బిల్లు కోసం. ఆ కాగితాలనే నలుపు తెలుపులో కూడా ఒక జిరాక్స్ తీయించండి.

బోర్డును ఇంట్లోనే పరీక్షించొచ్చు. 10 అడుగుల వెడల్పు బోర్డును 100 అడుగుల దూరం నుంచి చూడటం, 20 సెంటీమీటర్ల ప్రింటును 2 మీటర్ల దూరం నుంచి చూడటం కంటికి దాదాపు ఒకటే. గోడకు అంటించి రెండు మీటర్లు వెనక్కి జరగండి. బస్టాండు ఎదురు రోడ్డులో అవతలి పక్క నుంచి నడిచే మనిషికి మీ బోర్డు అంతే కనిపిస్తుంది. పేరు తెలిసిన మీరు చదవగలగడం పరీక్ష కాదు. పేరు తెలియని మనిషిని పిలిచి చదివించండి.

6 సెంటీమీటర్ల ప్రింటును కత్తిరించి నిజం సీసాకు అంటించండి. సీసా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎదురుగా నిలబడిన వాళ్ళకు వెడల్పు లోగో రెండు అంచులూ పక్కకు వంగిపోయి కనిపించవు. ఇక్కడ తెలుగు అక్షరాలకు సంబంధించి ఒక సంగతి గమనించాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే వరసలో నిలబడతాయి. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఒకే ఎత్తున్న పట్టీలో రెండూ రాస్తే తెలుగు అక్షరం అసలు ఒళ్ళు చిన్నదైపోతుంది. మీ పేరులో "శ్రీ", "ద్మ" లాంటివి ఉంటే ముందు చూడాల్సినవి అవే. చిన్న కొలతలో ఒత్తు లోపలి ఖాళీ పూడిపోయి మచ్చలా కనిపిస్తోందా, "ద్మ" కాస్తా "ద్య"లా చదివిస్తోందా చూడండి. అలాగే ఒత్తు అక్షరం కింద కలిసి ఉందో, సాఫ్ట్‌వేర్ తేడాతో విడిపోయి "ద్‌మ" అని పడిందో కూడా చూడండి. డిజైనర్ తెలుగు చదివే మనిషే అయినా ఈ పని మీదే, మీ పేరులో తప్పు మీ కంటికి పట్టినట్టు ఇంకొకరి కంటికి పట్టదు.

ఇక బిల్లు. అంగళ్ళలో వాడే చిన్న థర్మల్ ప్రింటర్లు ఎక్కువగా మిల్లీమీటరుకు 8 చుక్కలు వేస్తాయి, అదీ నలుపే. అంటే ఒక్కో చుక్క 0.125 మిల్లీమీటర్లు. ఇప్పుడు మీ కలంకారీ మామిడికాయను తీసుకుందాం. 30 సెంటీమీటర్ల వెడల్పున్న బొమ్మలో ఒక సన్న గీత 1 మిల్లీమీటరు మందం ఉందనుకోండి. ఆ బొమ్మను బిల్లు మీద 3 సెంటీమీటర్లకు తగ్గిస్తే గీత కూడా పదో వంతు అవుతుంది, 0.1 మిల్లీమీటరు. అది ఒక చుక్క కన్నా సన్నం. కొన్ని చోట్ల గీత మాయమవుతుంది, కొన్ని చోట్ల పక్క గీతతో కలిసి ముద్దవుతుంది. నాయనకు నచ్చిన ఆ పనితనమంతా బిల్లు మీద ఇంకు మరకలా పడుతుంది. అట్టపెట్టెల మీద ఒకే రంగుతో అచ్చువేసేటప్పుడూ ఇదే ఇబ్బంది, అక్కడ ఇంకు పాకి సన్న గీతల మధ్య సందులు మూసుకుపోతాయి.

దీన్ని చూసి "రెండోది పనికిరాదు" అని రాసేయకండి. ఒక గుర్తుకు పెద్ద రూపం వేరు, చిన్న రూపం వేరు ఉండటం మామూలే. బోర్డు మీద నిండు మామిడికాయ ఉండి, బిల్లు మీద నాలుగు గీతల మామిడికాయ ఉండొచ్చు. అందుకని మీరు రాయాల్సింది: "3 సెంటీమీటర్ల నలుపు ప్రింటులో లోపలి గీతలు కలిసిపోయాయి. చిన్న చోట్లకు వేరే రూపం వస్తుందా, వస్తే అది చూశాక కూడా ఇదే కాయ అని తెలుస్తుందా?" ఆ రెండో ప్రశ్నే అసలుది. పనితనం తీసేస్తే మిగిలేది ఏ ఊళ్ళోనైనా కనిపించే మామిడి పిందె బొమ్మే అయితే, ఆ ఆలోచనలో బలం లేదన్నమాట. ఆకారంలోనే మీదైన గుర్తు ఏదో ఉంటే నిలుస్తుంది.

ఫోనులో కూడా ఒక పరీక్ష చేయండి. మూడు లోగోలనూ ఒకదాని తర్వాత ఒకటి ఇంట్లో ఎవరిదైనా వాట్సాప్ డీపీగా పెట్టి, చాట్ల వరసలో చూడండి. అది గుండ్రంగా కోస్తుంది, కొలత వేలి గోరంత. అడ్డంగా పొడుగున్న తెలుగు పేరు అక్కడ రెండు పక్కలా తెగుతుంది. మీ తమ్ముడికి మూడోది నచ్చడానికి చాలావరకు కారణం ఇదే అయ్యుండొచ్చు, అది మొదటి నుంచీ గుండ్రంగానే ఉంది.

రంగు గురించి చివర మాట్లాడతాను, ఎందుకంటే అది చివరే మాట్లాడాలి. ముగ్గురి ఫోన్లలో ఒకే మెరూన్ మూడు రకాలుగా కనిపిస్తుంది. ఫోను వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు ఇంకుతో వేస్తుంది. మెరిసే ఆకుపచ్చ, నారింజ లాంటివి కాగితం మీద తప్పకుండా కొంత దిగుతాయి. జిరాక్స్ అంగడి కలర్ ప్రింటు కూడా చివరి రంగు కాదు. అందుకని ఈ విడతలో రంగు మీద ఒక్క పరీక్ష చాలు: నలుపు తెలుపు జిరాక్సులో పేరూ వెనక రంగూ ఒకే బూడిద రంగులోకి కలిసిపోతున్నాయా? కలిసిపోతే ఎండ పడే బోర్డు మీద కూడా చదవడం కష్టమే. ఆహార ప్యాకెట్టు కాబట్టి ఇంకొకటి గుర్తుంచుకోండి. చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండే శాకాహార గుర్తు ప్యాకెట్టు మీద పేరు దగ్గరే వేయాలి. మూడో లోగోలోని ఆకుపచ్చ గుండ్రం దాని పక్కన పడితే రెండూ పోటీ పడతాయి. లేబుల్ నమూనాలో ఆ గుర్తును కూడా పెట్టి చూపించమని అడగండి.

మీకు మాత్రమే తెలిసినవి

డిజైనర్ ఎంత మంచివారైనా చిత్తూరు మామిడి మండీలో పెరగలేదు. ఆమె గీసిన కాయను మీ నాయనకు చూపించి "ఇది ఏ కాయ?" అని అడగండి. గుండ్రంగా నిండుగా ఉంటే బేనీషా అంటారు. మీ తాండ్ర తోతాపురి గుజ్జుతో చేసేదైతే, కాయ పొడుగ్గా, కొన చిలక ముక్కులా ఉండాలి. ఈ ఒక్క మాటతో రెండో లోగో మామూలు మామిడి బొమ్మ నుంచి మీ ప్రాంతపు కాయగా మారొచ్చు. చిన్న రూపంలో కూడా ఆ ముక్కు కనిపిస్తుంది. ఇలాంటి సంగతి ఆమెకు ఏ పుస్తకంలోనూ అంత తేలిగ్గా దొరకదు. సిగ్గుపడకుండా రాయండి.

తిరుపతి అంగడి విషయంలో మీకు తెలిసినది ఇంకా ముఖ్యం. చిత్తూరులో మిమ్మల్ని పేరుపెట్టి అడుగుతూ వస్తారు. తిరుపతి బస్టాండులో దిగేవాళ్ళలో తమిళం, కన్నడం, హిందీ చదివేవాళ్ళు బోలెడు. వాళ్ళ కంటికి ఉత్త తెలుగు అక్షరాల లోగో అందమైన గీతలే, పేరు కాదు. రెండు అంగళ్ళకూ గిరాకీ ఒకటి కాదన్న విషయం మొదట్లో ఆమెకు చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడు చెప్పండి. మొదటి లోగోకు నిజమైన పరీక్ష ఇదే, రంగో అక్షరం వంపో కాదు.

అలాగే పక్క అంగళ్ళ బోర్డులు. మీ అంగడికి అటు పది, ఇటు పది బోర్డులను ఫోటోలు తీసి పంపండి. తిరుపతిలో ఏ వీధికి పోయినా నామం, శంఖుచక్రాలు, గోపురం లేని బోర్డు వెతకాలి. ఇంట్లో పెద్దవాళ్ళు "ఒక మూల నామం పెట్టించు" అనొచ్చు. ఆ మాట డిజైనర్‌కు చేరవేసే ముందు రెండు విషయాలు ఆలోచించండి. అందరి బోర్డు మీదా ఉన్నది మిమ్మల్ని వేరుగా చూపించదు. పైగా తాండ్ర ప్యాకెట్టు తిన్నాక చెత్తబుట్టలోకో బస్సు కింద కాళ్ళలోకో పోతుంది, దాని మీద దేవుడి గుర్తు ఉండటం భక్తితో వచ్చే వాళ్ళకే బాధ కలిగిస్తుంది. మత విశ్వాసాలను నొప్పించే గుర్తులను ట్రేడ్‌మార్క్ చట్టం కూడా నమోదుకు ఒప్పుకోదు. లడ్డూ బొమ్మ జోలికీ పోకండి. తిరుపతి లడ్డూకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది దేవస్థానానిది.

రాసే తీరు

ప్రతి మాటనూ మూడు ముక్కలుగా రాయండి: ఎక్కడ చూశాను, ఏం జరిగింది, దానివల్ల గిరాకీకి ఏమవుతుంది. "అక్షరాలు బాగాలేవు" అంటే ఆమె ఊహించుకోవాలి. లావు తక్కువా, వంపు ఎక్కువా, పాతకాలంలా ఉందా? అదే "6 సెంటీమీటర్ల లేబుల్ మీద మా అమ్మ పేరు చదవలేకపోయింది, ఒత్తు పూడిపోయింది, మా సీసాలు కొనేవాళ్ళలో ఆ వయసు వాళ్ళు ఎక్కువ" అని రాస్తే ఆమెకు ఏం చేయాలో తెలుస్తుంది.

ఇందులో "పేరు పెద్దది చేయండి" అన్న మాట లేదు చూశారా. మందు పేరు మీరు రాయకండి, నొప్పి ఎక్కడో చెప్పండి. పేరు కనిపించకపోవడానికి కొలత చిన్నదవ్వడం ఒక్కటే కారణం కాదు. వెనక రంగుతో తేడా తక్కువై ఉండొచ్చు, బొమ్మ పేరుకు మరీ దగ్గరగా ఉండొచ్చు, గీత సన్నగా ఉండొచ్చు. మీరు "పెద్దది" అంటే ఆమె పెద్దది చేస్తారు, చుట్టూ ఖాళీ తగ్గిపోయి పేరు ఇంకా ఇరుకుగా కనిపిస్తుంది. తప్పకుండా ఒక పరిష్కారం చెప్పాలనిపిస్తే, చెప్పండి, కానీ దాని వెనకున్న ఇబ్బందిని ముందు రాయండి.

"నచ్చలేదు" అని రాయకూడదని కాదు. కారణం దొరకని అయిష్టం కూడా పనికొస్తుంది, అది ఏ భాగం మీదో చెప్తే. లోగోలో సగం చేత్తో మూసి చూడండి, తర్వాత మిగతా సగం. ఏది మూసినప్పుడు ఆ ఇబ్బంది పోయిందో అదే చోటు. "మూడోదానిలో కింది ఆకు మూసేస్తే బాగుంది, ఆకు ఉంటే మందుల కంపెనీలా అనిపించింది" అన్నది చాలా మంచి వాక్యం. "ఏదో తక్కువైంది" కన్నా వంద రెట్లు నయం.

బయటివాళ్ళను అడిగే పద్ధతి వేరు. మూడింటినీ స్టేటస్‌లో పెట్టి "ఏది బాగుంది?" అని అడగొద్దు. మీ చుట్టాలకు మీ అంగడి ముందే తెలుసు, వాళ్ళు ఓటు వేసేది బొమ్మ అందానికి. పైగా ఓడిపోయిన దానికి ఓటేసిన మేనమామకు తర్వాత సమాధానం చెప్పుకోవాలి. దానికి బదులు మీ అంగడి తెలియని అయిదారుగురిని పట్టుకోండి, వాళ్ళలో ఇద్దరైనా తెలుగు చదవలేని వాళ్ళుండాలి. ఒక్కొక్కరికి ఒక్క లోగోనే చూపించి, "ఇది ఏం అమ్మే అంగడి అనుకుంటారు?", "పేరేమిటి?" అని అడగండి. గంట తర్వాత మళ్ళీ "ఇందాక చూసినదానిలో ఏం గుర్తుంది?" అనండి. బాగుందా అని మాత్రం అడగకండి, అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు.

ఇక ఇల్లంతా సర్దుకుపోవడానికి వచ్చే ఆలోచన ఒకటుంది: మొదటిదానిలో అక్షరాలు, రెండోదానిలో కాయ, మూడోదానిలో గుండ్రం తీసుకుని కలిపేయమనడం. ముగ్గురికీ న్యాయం జరిగినట్టు ఉంటుంది, లోగోకు మాత్రం జరగదు. మొదటిదానిలో అక్షరాలు లావుగా ఉన్నది పక్కన బొమ్మ లేదు కాబట్టి, చూపంతా అవే మోయాలి. రెండోదానిలో పేరు చిన్నగా ఉన్నది కాయ మాట్లాడుతోంది కాబట్టి. లావు అక్షరాలనూ నిండు కాయనూ గుండ్రంలో కూర్చితే రెండు గొంతులు ఒకేసారి మాట్లాడతాయి, 3 సెంటీమీటర్లలో రెండూ వినపడవు. అందుకని ముక్కలు అడగకండి, గుణాలు అడగండి. "కాయ కావాలి" అనకుండా, "రెండోదాన్ని చూడగానే మామిడి సరుకని తెలిసింది, మేం ఎంచుకున్న దానిలోనూ అది తెలియాలి" అనండి. ఎలా తెలిసేలా చేయాలన్నది ఆమె పని. పేరులోని ఒక సున్నానో వంపునో తోతాపురి ముక్కుగా తిప్పుతారో, పేరు కింద "మామిడి తాండ్ర, ఊరగాయలు" అని ఒక వరస పెడతారో, ఇంకేమైనా చేస్తారో.

మీ పరిస్థితికి ఉత్తరం సుమారుగా ఇలా ఉంటుంది. మీ పరీక్షల్లో తేలినది బట్టి మార్చుకోండి.

"మేడం, ముగ్గురం విడివిడిగా చూసి, తర్వాత కూర్చుని మాట్లాడుకున్నాం. ఇంటి తరఫున ఇదొక్కటే జవాబు, ఫోనులో ఎవరైనా వేరే మాట చెప్తే దీన్నే లెక్కలోకి తీసుకోండి.

మొదటిదాన్ని ముందుకు తీసుకెళ్ళమని కోరుతున్నాం. చిత్తూరులో మమ్మల్ని పేరుతోనే అడుగుతారు, కొత్తవాళ్ళకు చూపిస్తే గంట తర్వాత కూడా పేరు చెప్పారు. ఇందులో రెండు ఇబ్బందులు. ఒకటి, 6 సెంటీమీటర్ల లేబుల్ మీద 'ద్మ' కింది ఒత్తు పూడిపోయింది, ఇద్దరు తప్పు చదివారు. రెండు, తిరుపతి అంగడికి తెలుగు రాని వాళ్ళు చాలామంది వస్తారు, ఈ విషయం మీకు ముందు చెప్పలేదు. వాళ్ళకు ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు.

రెండోదానిలో మాకు కావలసిన గుణం ఒకటుంది, దూరం నుంచే మామిడి సరుకని తెలుస్తోంది. కానీ బిల్లు కొలతలో గీతలు కలిసిపోయాయి. కాయ ఆకారం బేనీషాది, మాది తోతాపురి. ఫోటో పంపుతున్నాం.

మూడోదాన్ని వదిలేద్దాం. మమ్మల్ని ఆ ఇంగ్లీషు అక్షరాలతో పిలిచేవాళ్ళు లేరు. అయితే ఫోనులో చిన్న గుండ్రంలో అదొక్కటే నిలిచింది, మొదటిదానికీ అలాంటి చిన్న రూపం కావాలి.

మూడింటినీ కలపమని అడగడం లేదు. మొదటి దారిలోనే ఈ అవసరాలు తీరతాయా చూడండి. తీరవు అనుకుంటే కారణం చెప్పండి, రెండోదాని గురించి మళ్ళీ మాట్లాడుకుందాం. వచ్చే విడతలో నలుపు రూపం, బిల్లు రూపం, సీసా మీద లేబుల్, పక్క అంగళ్ళ మధ్య బోర్డు చూపించండి. రంగుల మాట అప్పుడు."

ఈ ఉత్తరం ఒక పేజీ దాటలేదు, అయినా ఆమె చేయాల్సిన పని మొత్తం ఇందులో ఉంది. సంతకం ఒకరిదే ఉండాలి. మీ ముగ్గురిలో చివరి మాట ఎవరిదో ఉత్తరం పంపక ముందే తేల్చుకోండి. నాయనదైతే ఆయన ఈ కాగితం చదివి సరే అన్నాకే పంపండి. అన్నీ అయ్యాక బోర్డు కట్టే రోజు ఆయన "నేను చెప్పింది కాయ కదా" అంటే అప్పటికి చేయగలిగింది తక్కువ.

పరీక్షల్లో మూడూ ఓడిపోతే? అదీ జరుగుతుంది. అప్పుడు నాలుగోది గీయమని అడగకండి. మీ నాలుగు వాక్యాల కాగితాన్ని ఆమె ముందు పెట్టి, ఇందులో ఏది మీకు అందలేదు, ఏది మేం తప్పు చెప్పాం అని ఒక అరగంట మాట్లాడండి. మూడూ ఒకే చోట తప్పాయంటే ఎక్కువసార్లు లోపం ఆ కాగితంలోనే ఉంటుంది. మీ విషయంలో తిరుపతి గిరాకీ సంగతి అందులో లేకపోవడం అలాంటిదే. కొత్త సమాచారం మీ వైపు నుంచి వస్తోంది కాబట్టి అదనపు డబ్బు అడిగితే అది న్యాయమే.

ఒకటి ఖాయం చేసుకునే ముందు ఆ పేరు, ఆ గుర్తు ఇంకెవరిదైనా నమోదై ఉందేమో ipindia.gov.in లోని ట్రేడ్‌మార్క్ వెతుకులాటలో చూడండి. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ఊరగాయలు 29వ తరగతిలోకి వస్తాయి. పేరును తెలుగు పలుకుబడితో ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాసి వెతకండి, ఎందుకంటే ఒకే పేరును ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో నమోదు చేసుకుని ఉంటారు. దగ్గరి పోలిక ఏదైనా కనిపిస్తే దాని నంబరు రాసుకుని ట్రేడ్‌మార్క్ వకీలుకు చూపించండి, ఆయన సరే అన్నాకే బోర్డు చేసేవాళ్ళకు ఫైలు ఇవ్వండి.